పెట్టె మీది అంకె, పడకగదిలోని గాలి

నవంబరులో ఒక రాత్రి పదిన్నరకు ఢిల్లీ నుంచి మా తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, దీపావళి ఆఫర్లో ఎయిర్ ప్యూరిఫయర్ కొన్నానని చెప్పాను కదా. పదిహేను రోజులుగా రాత్రంతా నడుపుతున్నాం. మీటర్లో నంబరు 150 కిందికి దిగట్లేదు. మిషన్ పాడైందంటావా?"

"ఫిల్టరు మీద ప్లాస్టిక్ కవరు తీశావా?" అని అడిగాను ముందు. నవ్వాడు. మొదటి రోజే తీశాడట. నవ్వుతాలకు అడిగిన ప్రశ్న కాదది. కొత్త ఫిల్టరును కవరులో చుట్టి యంత్రం లోపలే పెట్టి పంపుతారు. అది విప్పకుండా నెలల తరబడి ఉత్త ఫ్యాను తిప్పుకుంటూ కూర్చున్న ఇళ్లున్నాయి. రెండో ప్రశ్న వేశాను. "రాత్రి ఏ స్పీడులో పెడుతున్నావు?"

"స్లీప్ మోడ్‌లో. పెద్ద స్పీడులో పెడితే ఆ హోరుకి పాప లేచిపోతోంది."

జబ్బు అక్కడ దొరికింది. యంత్రం పాడవలేదు. వాడు ఒక అంకె చూసి కొన్నాడు, ఇంకో అంకెతో నడుపుతున్నాడు. తక్కువ ధరలో ప్యూరిఫయర్ కొనేవాళ్లలో చాలామంది చిక్కుకునేది ఈ రెండు అంకెల మధ్యే.

చూడాల్సిన అంకె

ప్యూరిఫయర్ అంటే లోపల ఉండేది రెండే వస్తువులు: గాలిని లాగే ఫ్యాను, ఆ గాలిని వడకట్టే ఫిల్టరు. 2013 జనవరిలో బీజింగ్‌ను దుమ్ముపొగ కమ్మేసినప్పుడు అక్కడ చదువుకుంటున్న థామస్ టాల్‌హెల్మ్ అనే అమెరికన్ విద్యార్థి మామూలు ఫ్యానుకు ఒక హెపా ఫిల్టరు పట్టీతో బిగించి, గది గాలిని కొలిచి చూపించాడు. నంబరు దిగింది. ఖరీదైన యంత్రాల్లో ఉన్న అసలు సరుకేమిటో ఆ ప్రయోగంతో చాలామందికి తెలిసొచ్చింది.

ఈ రెండు వస్తువులూ కలిసి ఎంత పని చేస్తున్నాయో చెప్పే అంకె సీఏడీఆర్. గంటకు ఎన్ని ఘనపు మీటర్ల శుభ్రమైన గాలిని యంత్రం గదికి ఇస్తోందన్నది దాని అర్థం. అమెరికాలోని గృహోపకరణాల తయారీదారుల సంఘం, ఆహామ్, 1980లలో దీన్ని పద్ధతిగా మార్చింది. మూసిన గదిలో సిగరెట్ పొగ నింపుతారు. యంత్రం లేకుండా పొగ ఎంత వేగంగా తగ్గుతుందో, యంత్రం పెట్టాక ఎంత వేగంగా తగ్గుతుందో కొలుస్తారు. రెండింటి తేడాయే సీఏడీఆర్. దుమ్ముతోనూ పుప్పొడితోనూ విడివిడిగా ఇదే పరీక్ష చేస్తారు. వీటిలో పొగ అంకెనే చూసుకోవాలి. మన ఊపిరితిత్తుల లోతుకు దిగే సన్నటి పీఎం 2.5 రేణువులకు పొగే దగ్గరి చుట్టం.

అమ్మేవాళ్లు పెద్దక్షరాల్లో వేసేది మాత్రం ఈ అంకెను కాదు, "99.97 శాతం" అన్నదాన్ని. అది ఫిల్టరు సంగతి. ఒక్కసారి దాని గుండా వెళ్లిన గాలిలో ఎంత దుమ్ము ఆగుతుందో చెబుతుంది. ఎంత గాలి వెళుతుందో చెప్పదు. ఒక యంత్రం గంటకు వంద ఘనపు మీటర్ల గాలిని లాగి అందులో 99.97 శాతం దుమ్మును ఆపిందనుకోండి. గదికి దక్కేది సుమారు వంద ఘనపు మీటర్ల శుభ్రమైన గాలి. ఇంకో యంత్రం రెండు వందలు లాగి 95 శాతమే ఆపినా గదికి దక్కేది 190. రెండో ఫిల్టరు కొంచెం నాసిరకమే, అయినా గది రెండింతల వేగంగా శుభ్రపడుతుంది. అదే గాలి మళ్లీ మళ్లీ యంత్రంలోకి వస్తుంది కాబట్టి, మొదటి చుట్టులో తప్పించుకున్న ఐదు శాతం తర్వాతి చుట్టులో చిక్కుతుంది. పెట్టె మీద శాతం ఉండి సీఏడీఆర్ లేకపోతే ఆ పెట్టెను అక్కడే వదిలేయవచ్చు.

సీఏడీఆర్ ఉన్నా దాని కొలత ఏమిటో చూడాలి. కొందరు గంటకు ఘనపు మీటర్లలో ఇస్తారు, కొందరు నిమిషానికి ఘనపు అడుగుల్లో, అంటే సీఎఫ్ఎంలో ఇస్తారు. ఒక సీఎఫ్ఎం 1.7 ఘనపు మీటర్లతో సమానం. 150 సీఎఫ్ఎం యంత్రం 255 ఘనపు మీటర్ల యంత్రమన్నమాట. కొన్ని పెట్టెల మీద "ఎయిర్‌ఫ్లో" అని ఉంటుంది. అది ఫ్యాను వదిలే గాలి, వడకట్టిన లెక్క కాదు.

మీ గదికి ఎంత కావాలి

తమ్ముడి పడకగది పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు. మొత్తం 1,200 ఘనపు అడుగులు, అంటే 34 ఘనపు మీటర్లు. పడకగదిలో గాలి గంటకు ఐదుసార్లయినా ఫిల్టరు గుండా తిరగాలన్నది చాలామంది పాటించే లెక్క. 34ను ఐదుతో గుణిస్తే 170. ఆ గదికి గంటకు 170 ఘనపు మీటర్ల సీఏడీఆర్ కావాలి. ఇంకా సులువైన దారి ఉంది: గది ఘనపు అడుగులను 7తో భాగించండి. 1,200ను 7తో భాగిస్తే 171 వస్తుంది.

వాడు కొన్న పెట్టె మీద "300 చదరపు అడుగుల వరకు" అని ఉంది. వాడి గది 120 చదరపు అడుగులే. రెండింతలకు మించి సరిపోతుందనుకుని నిశ్చింతగా కొన్నాడు. వెనక వైపు సన్నక్షరాల్లో సీఏడీఆర్ 150 అని ఉంది. 300 చదరపు అడుగుల గదికి పదడుగుల ఎత్తు వేస్తే 85 ఘనపు మీటర్లవుతుంది. 150 సీఏడీఆర్‌తో అక్కడ గాలి గంటకు రెండుసార్లు కూడా తిరగదు. చదరపు అడుగులన్న అంకెకు అందరూ ఒప్పుకున్న అర్థం లేదు. గాలి గంటకు ఎన్నిసార్లు తిరిగితే చాలనుకుంటారో, పైకప్పు ఎంత ఎత్తనుకుంటారో అమ్మేవాళ్ల చేతిలో ఉంది. కొందరు గంటకు ఒక్కసారి తిరిగితే చాలనుకుని వెయ్యి చదరపు అడుగులని వేసుకుంటారు. చుక్కగుర్తు పెట్టి అడుగున రాస్తారు కాబట్టి అది అబద్ధమూ కాదు.

ఆహామ్ సూత్రం కొంచెం కచ్చితమైనది. గది చదరపు అడుగుల్లో మూడింట రెండొంతులు సీఎఫ్ఎం ఉండాలంటుంది. 120 చదరపు అడుగులకు 80 సీఎఫ్ఎం, అంటే 136 ఘనపు మీటర్లు. అయితే ఆ సూత్రం ఎనిమిదడుగుల పైకప్పున్న ఇళ్లకు రాసింది. మన పదడుగుల ఎత్తుకు పావువంతు కలుపుకుంటే మళ్లీ 170కే వస్తాం.

అగరుబత్తి పరీక్ష

వాడి దగ్గర చిన్న పీఎం 2.5 మీటరు విడిగా ఉంది. ప్యూరిఫయర్ ముఖం మీద వెలిగే అంకెను నమ్మొద్దన్నాను. ఆ సెన్సరు యంత్రంలోనే, అది వదిలే శుభ్రమైన గాలికి దగ్గరలో ఉంటుంది. గదంతా 100 ఉన్నప్పుడు అది 40 చూపి పచ్చదీపం వెలిగించవచ్చు. మీటరును మంచం మీద, దిండు దగ్గర పెట్టమన్నాను.

ఆదివారం మధ్యాహ్నం వీడియో కాల్ పెట్టుకుని పరీక్ష చేశాం. తలుపులు, కిటికీలు మూసి, సీలింగ్ ఫ్యాను చిన్నగా తిప్పి, రెండు అగరుబత్తులు వెలిగించాడు. మీటరు 600 దాటగానే బత్తులు ఆర్పి బయట పెట్టాడు. ముందు ప్యూరిఫయర్ లేకుండా చూశాం. 600 నుంచి 300కి రావడానికి 42 నిమిషాలు పట్టింది. మళ్లీ బత్తి వెలిగించి పెద్ద స్పీడులో పెడితే 9 నిమిషాల్లో సగమైంది. మూడోసారి స్లీప్ మోడ్‌లో 21 నిమిషాలు.

లెక్క చిన్నదే. గది ఘనపు మీటర్లను 42తో గుణించి, పొగ సగం కావడానికి పట్టిన నిమిషాలతో భాగించాలి. ఈ 42 అన్నది ఏదైనా ఒకే నిష్పత్తిలో తగ్గుతూ సగమయ్యే లెక్కలోంచి వచ్చిన అంకె. 34ను 42తో గుణిస్తే 1,428. యంత్రం లేనప్పుడు 42 నిమిషాలు కాబట్టి 34. కిటికీ సందుల గుండా పోయే గాలి, నేలకు దిగిపోయే రేణువులు కలిసి చేసిన పని అది. పెద్ద స్పీడులో 1,428ని 9తో భాగిస్తే 159. అందులోంచి ఈ 34 తీసేస్తే యంత్రం సొంత పని 125. స్లీప్ మోడ్‌లో 68లోంచి 34 తీస్తే మిగిలేది 34.

పెట్టె మీద 150, ఇంట్లో 125. ఇంటి పరీక్ష, చవక మీటరు, పదిహేను రోజులు వాడిన ఫిల్టరు. ఆ తేడాకు తయారీదారును తప్పుపట్టను. అసలు దెబ్బ రెండో చోట ఉంది. పెట్టె మీది అంకె పెద్ద స్పీడుది. ఆ హోరులో ఎవరూ నిద్రపోరు. వాడు రోజూ ఎనిమిది గంటలు నడిపేది 34 ఇచ్చే యంత్రాన్ని.

మీటరు 150 దగ్గర ఎందుకు ఆగిందో ఇప్పుడు తేలిపోతుంది. ఆ వారం ఢిల్లీలో రాత్రిపూట బయట గాలి 300 దగ్గర ఉంది. జరుపుడు కిటికీల సందుల్లోంచి గది గాలి రమారమి గంటకు ఒకసారి మారుతోందనుకుందాం. స్లీప్ మోడ్‌లో ప్యూరిఫయర్ కూడా గంటకు ఒకసారే శుభ్రం చేస్తోంది. ఒక చెంబు మురికి నీళ్లు పోసి ఒక చెంబు మంచినీళ్లు పోసినట్టు, 300లో సగం, 150. పెద్ద స్పీడులో నాలుగుసార్లకు కాస్త తక్కువగా తిరుగుతుంది కాబట్టి 64 దాకా దిగుతుంది. కిటికీ సందులకు ఇరవై రూపాయల ఫోమ్ టేపు అంటించినా ఆ రాత్రికి అంతో ఇంతో దిగుతుంది.

కొనేటప్పుడు దీన్నుంచి ఒక్క సూత్రం పట్టుకుంటే చాలు: మీ గదికి లెక్క 170 వస్తే, 170 యంత్రం కొనకండి. మధ్య స్పీడులో 170 ఇచ్చేది కొనండి. మామూలుగా పెద్ద స్పీడులో 300 ఉన్న యంత్రం ఆ పని చేస్తుంది.

ఫిల్టరు ఖర్చు

ఇక డబ్బు సంగతి. ప్రింటరు చవక, ఇంకు ఖరీదు అన్న సామెతలాంటి మాట ఆఫీసుల్లో వింటుంటాం. ప్యూరిఫయర్ దాని తోబుట్టువు. ఉదాహరణకు వాడి యంత్రం 5,500 రూపాయలు, ఫిల్టరు 2,000 అనుకుందాం. సీఏడీఆర్ 300 ఉన్న ఇంకో యంత్రం 9,000, దాని ఫిల్టరు 2,200. శీతాకాలానికి ఒక ఫిల్టరు చొప్పున ఐదేళ్లు వాడితే, మొదటి ఫిల్టరు పెట్టెలోనే వస్తుంది కాబట్టి కొనాల్సినవి నాలుగు. మొదటి యంత్రానికి మొత్తం 13,500, రెండోదానికి 17,800 అవుతుంది. సీఏడీఆర్‌తో భాగించి చూస్తే ఒక్కో ఘనపు మీటరుకు మొదటిది 90 రూపాయలు, రెండోది 59. పైకి చవకగా కనిపించిందే ఖరీదైనదిగా తేలింది.

శీతాకాలానికి ఒక ఫిల్టరు సరిపోతుందా అన్నది ఇక్కడ చిక్కుప్రశ్న. "ఆరు నెలలు", "ఏడాది" అని రాస్తారు గానీ ఎలాంటి గాలిలో అన్నది రాయరు. ఫిల్టరు నెలలను బట్టి నిండదు, మింగిన దుమ్మును బట్టి నిండుతుంది. చైనా ప్రమాణంలో దీనికి సీసీఎం అనే కొలత ఉంది. సీఏడీఆర్ సగానికి పడిపోయేలోపు ఫిల్టరు ఎన్ని మిల్లీగ్రాముల రేణువులను పట్టుకోగలదో అది చెబుతుంది. అందులో పై తరగతి పీ4, అంటే 12,000 మిల్లీగ్రాములు, ఆపైన. మన దగ్గర అమ్మే చైనా తయారీ యంత్రాల వివరాల్లో వెతికితే ఒక్కోసారి ఇది కనబడుతుంది.

ఆ అంకెతో ఫిల్టరు ఆయుష్షును మనమే కట్టవచ్చు. గదిలో సగటున ఘనపు మీటరుకు 50 మైక్రోగ్రాముల దుమ్ము ఉంది, యంత్రం గంటకు 180 ఘనపు మీటర్లు శుభ్రం చేస్తోంది, రోజుకు 12 గంటలు నడుస్తోంది. అంటే రోజుకు 108 మిల్లీగ్రాములు. 12,000ను 108తో భాగిస్తే 111 రోజులు. ఢిల్లీ శీతాకాలం ఒకటి గడుస్తుంది, అంతే. అదే యంత్రాన్ని హైదరాబాద్‌లో గది గాలి 20 ఉన్న ఇంట్లో నడిపితే రోజుకు 43 మిల్లీగ్రాములు, తొమ్మిది నెలలు వస్తుంది. పరీక్షలో సిగరెట్ పొగ వాడతారు, మన ఇంట్లో పొగతో పాటు నూలుపోగులూ వెంట్రుకలూ ఉంటాయి కాబట్టి ఇది అంచనాయే. సీసీఎం రాయని సన్నపాటి ఫిల్టరుకు శీతాకాలానికి రెండు కావలసివస్తే పై లెక్కలో మొదటి యంత్రం ఐదేళ్ల ఖర్చు 23,500కు ఎక్కుతుంది. తొమ్మిది వేల యంత్రాన్ని దాటిపోయింది చూడండి.

ఫిల్టరు మార్చమని యంత్రం వెలిగించే ఎర్రదీపాన్ని కూడా గుడ్డిగా నమ్మక్కర్లేదు. చాలా యంత్రాల్లో అది గంటలు లెక్కపెట్టే గడియారమే, దుమ్మును కొలవదు. కొత్త ఫిల్టరు వేసిన రోజు అగరుబత్తి పరీక్ష చేసి నిమిషాలు రాసిపెట్టుకోండి. మూడు నెలలకోసారి మళ్లీ చేయండి. యంత్రం సొంత పని సగానికి పడినప్పుడు మార్చండి. బయటి దుమ్ముజాలీని వ్యాక్యూమ్‌తోనో బ్రష్‌తోనో శుభ్రం చేయవచ్చు గానీ, మడతల హెపాను మాత్రం కడగకూడదు. కడిగితే తెల్లగా కనిపిస్తుంది, పని చేయదు. సగం ధరకు దొరికే వేరే కంపెనీ ఫిల్టరు వేస్తే దాని అంచు యంత్రానికి బిగుతుగా కూర్చుందో లేదో చూడండి. గాలి ఎప్పుడూ సులువైన దారి వెతుక్కుంటుంది. సందు ఉంటే ఫిల్టరు పక్కనుంచి మురికిగానే బయటకొస్తుంది. ఇదీ అగరుబత్తి పరీక్షలో బయటపడుతుంది.

మిగతా మాటల బరువు

"హెచ్13" అన్నది ఐరోపా ప్రమాణంలో ఒక తరగతి, 99.95 శాతం ఆపాలి. ఉంటే మంచిదే, కానీ పైన చెప్పినట్టు అది ఫిల్టరు సగం కథ. "హెపా టైప్", "హెపా లాంటిది" అన్నవాటికి ఏ ప్రమాణమూ లేదు. "ఏడు దశల శుద్ధి" అన్నప్పుడు జాలీని ఒక దశ, దాని వెనక గుడ్డను ఇంకో దశ లెక్కేస్తారు. "99.9 శాతం వైరస్ నిర్మూలన" అంటే చుక్కగుర్తు వెంట వెళ్లి చూడండి, చాలాసార్లు చిన్న పెట్టెలో గంటసేపు చేసిన పరీక్ష ఉంటుంది, మీ గదిలో కాదు.

కార్బన్ ఫిల్టరు వాసనలకు, వాయువులకు పనికొస్తుంది. కానీ చవక యంత్రాల్లో ఉండేది నల్లపొడి చల్లిన పలుచని గుడ్డ. తాలింపు వాసన మీద కొన్ని వారాలు పని చేసి ఊరుకుంటుంది. దానికోసం ఎక్కువ డబ్బు పెట్టనక్కర్లేదు. అయొనైజరు, ప్లాస్మా అన్న బొత్తం ఉంటే ఆపేసి ఉంచడం మేలు. అది రేణువులకు విద్యుదావేశం ఇచ్చి గోడలకు, పరుపులకు అంటుకునేలా చేస్తుంది. కొన్ని రకాలు ఓజోన్ వదులుతాయి. ఓజోన్ ఊపిరితిత్తులకు హాని. అందుకే అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం ఇంట్లో వాడే ఇలాంటి పరికరాలకు ఓజోన్ పది లక్షల్లో 0.05 వంతు దాటకూడదని హద్దు పెట్టింది.

మన ఊళ్లలో ఉన్నవాళ్లు ఇంకో మాట గమనించాలి. మన దేశ ప్రమాణం ప్రకారం పీఎం 2.5 రోజు సగటు 60 మైక్రోగ్రాములు దాటకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన హద్దు 15. హైదరాబాద్‌లో సనత్‌నగర్, జూపార్కు, పటాన్‌చెరు లాంటి చోట్ల కాలుష్య నియంత్రణ మండలి కొలిచే అంకెలు ఫోన్‌లోనే చూడవచ్చు. కొనేముందు మీ దగ్గరి కేంద్రం అంకెను నెల రోజులు గమనించండి. వానాకాలంలో చాలా రోజులు కిటికీ తెరవడమే చాలు. ఇంట్లోనే సాంబ్రాణి ధూపం, దోమల చుట్ట, చిమ్నీ లేని వంటగది ఉంటే మాత్రం ముందు వాటి సంగతి చూసుకోవాలి. దోమల చుట్ట వెలిగించి ప్యూరిఫయర్ నడపడమంటే చిల్లుకుండలో నీళ్లు పోయడమే.

తమ్ముడు రిటర్న్ గడువు దాటిపోయిందని తిట్టుకుని, సంక్రాంతి లోపు 300 సీఏడీఆర్ యంత్రం ఇంకొకటి కొన్నాడు. పాతదాన్ని చిన్న స్టోర్‌రూమ్‌కు, అంటే వాడి వర్క్ ఫ్రమ్ హోమ్ గదికి మార్చాడు. కొత్తది మధ్య స్పీడులో నడుస్తోంది, పాప నిద్రపోతోంది, బయట 300 ఉన్న రాత్రి దిండు పక్కన మీటరు 50కి అటూ ఇటూ ఉంటోంది. అది కూడా స్వచ్ఛమైన గాలి కాదు. కానీ కొన్నది పని చేస్తోందో లేదో ఇప్పుడు వాడికి పెట్టె చెప్పక్కర్లేదు.

మీరు కొనేటప్పుడు దుకాణంలో మూడే ప్రశ్నలు అడగండి: పొగకు సీఏడీఆర్ ఎంత, మధ్య స్పీడులో ఎంత, ఫిల్టరు ధర ఎంత. మూడింటికీ అంకెల్లో జవాబు రాకపోతే ఆ యంత్రం మీ ఇంటికి వద్దు.